తగ్గిన భయం మళ్లీ ఎందుకు వస్తుంది?

కౌన్సెలింగ్ శిక్షణలో ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పుస్తకంలో చెప్పినట్టే ఎక్స్‌పోజర్ చేయించాను. మెట్టు మెట్టుగా వెళ్లాం. భయం 85 నుంచి 20కి దిగింది. క్లయింట్ సంతోషంగా వెళ్లిపోయింది. మూడు నెలలకి ఫోన్ చేసి, మళ్లీ మొదటికొచ్చింది మేడమ్ అంటోంది. నేనెక్కడ తప్పు చేశాను?"

తప్పు చేసి ఉండకపోవచ్చు. భయం తగ్గడం ఒకటి, భయం గురించి కొత్తది నేర్చుకోవడం మరొకటి. మొదటిది గదిలో కూర్చున్న మనకి కళ్లెదుట కనబడుతుంది కాబట్టి దాన్నే కొలుస్తాం, దాన్నే నమ్ముకుంటాం. రెండోది కనబడదు. మూడు నెలల తర్వాత ఎక్కడో, మనం లేని చోట, పనికొచ్చేది మాత్రం ఆ రెండోదే.

ఈ తేడాని ఒకే కేసు పట్టుకుని చివరిదాకా చూద్దాం. ఇది ఒక మనిషి కథ కాదు. బోధన కోసం అల్లుకున్న కేసు. ఆమె పేరు సరళ అనుకుందాం. 38 ఏళ్లు, స్కూల్ టీచర్. రెండేళ్ల క్రితం చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. జనరేటర్ వేసేదాకా కొద్ది నిమిషాలు చీకట్లో ఉంది. ఆ రోజు నుంచి లిఫ్ట్ ఎక్కలేదు. ఐదో అంతస్తయినా మెట్లే. చెల్లెలి ఇంటికి వెళ్లడమే తగ్గించేసింది.

మొదటి చికిత్స ఎలా జరిగింది?

కౌన్సెలర్ ఆఫీసు ఉన్న మూడంతస్తుల భవనంలోనే లిఫ్ట్ ఉంది. భయాన్ని 0 నుంచి 100 వరకు కొలిచే సడ్స్ స్కేలు మీద మెట్లు రాసుకున్నారు. లిఫ్ట్ ముందు నిలబడటం 30. తలుపు తెరిచి ఉండగా లోపలికి అడుగుపెట్టడం 45. కౌన్సెలర్‌తో ఒక అంతస్తు 65. ఒంటరిగా మూడంతస్తులు 85. ప్రతి మెట్టు దగ్గరా భయం సగానికి తగ్గేదాకా ఆగారు, తగ్గాక పై మెట్టుకి వెళ్లారు. ఎక్కేముందు కౌన్సెలర్ ధైర్యం చెప్పేది: "లిఫ్ట్‌లో గాలి ఆడుతుందండీ, భయపడకండి, నేనున్నాను కదా." సరళ చేతిలో నీళ్ల సీసా, రెండో చేతిలో ఫోన్. ఐదో సెషన్ నాటికి ఒంటరిగా ఎక్కినా భయం 20 దాటలేదు.

దీని వెనుక ఉన్నది హాబిట్యుయేషన్ ఆలోచన, అంటే అలవాటు పడటం. భయపెట్టే దాని ఎదుట తప్పించుకోకుండా చాలాసేపు ఉంటే శరీరం స్పందించడం తగ్గిస్తుంది. మర్నాడు వస్తే మొదలయ్యే భయమే నిన్నటికంటే తక్కువగా ఉంటుంది. ఎడ్నా ఫోవా, మైఖేల్ కోజాక్ 1986లో ప్రచురించిన సిద్ధాంతం దీనికి గట్టి రూపం ఇచ్చింది. భయం నిజంగా రగలాలి, అది సెషన్ లోపల తగ్గాలి, సెషన్ నుంచి సెషన్‌కి తగ్గుతూ రావాలి, అప్పుడు మనసులోని భయ నిర్మాణం మారినట్టు గుర్తు అని వాళ్లన్నారు. ఈ పద్ధతిలో లక్షల మంది బాగుపడ్డారు. దాన్ని తేలిగ్గా చూడనక్కర్లేదు.

కానీ తర్వాతి పరిశోధనల్లో ఒక ఇబ్బంది బయటపడింది. సెషన్ లోపల భయం ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి, నెలల తర్వాత ఆ మనిషి ఎలా ఉంటారో నమ్మకంగా చెప్పలేకపోయారు. గదిలో బాగా తగ్గినవాళ్లలో కొందరికి భయం తిరిగొచ్చింది. గదిలో అసలు తగ్గనివాళ్లు కొందరు తర్వాత చక్కగా ఉన్నారు. ఫోవా బృందం కూడా తర్వాత తమ సిద్ధాంతాన్ని సవరించుకుని, సెషన్ లోపలి తగ్గుదలకి ఇచ్చిన ప్రాధాన్యాన్ని తగ్గించింది.

సరళకి ఏమయిందో చూడండి. చికిత్స ముగిసిన మూడు నెలలకి మామగారిని ఆసుపత్రిలో చేర్చారు. వార్డు ఆరో అంతస్తులో. సాయంత్రం విజిటర్ల వేళ, లిఫ్ట్ నిండా జనం, మందుల వాసన. రెండో అంతస్తు దాటాక లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపి, క్షణం ఆగి, మళ్లీ కదిలింది. భయం 80కి ఎగిసింది. మూడో అంతస్తులో దిగిపోయి మెట్లెక్కింది. ఇంటికెళ్లేటప్పుడూ మెట్లే. "అంతా వేస్టయిపోయింది" అనుకుంది.

వేస్టయిందా?

కాలేదు. అసలు ఏమయిందో అర్థం కావాలంటే పావ్లోవ్ దగ్గరికి వెళ్లాలి. గంట మోగించి ఆహారం పెడితే కుక్కకి గంట వినగానే లాలాజలం ఊరడం అందరికీ తెలిసిన సంగతి. ఆహారం పెట్టకుండా గంట ఒక్కటే పదే పదే మోగిస్తే లాలాజలం ఆగిపోతుంది. దీన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు. అయితే పావ్లోవే ఇంకొకటి గమనించాడు. ఆ కుక్కకి కొంత విరామమిచ్చి మళ్లీ గంట మోగిస్తే, ఎవరూ ఏమీ నేర్పకుండానే లాలాజలం మళ్లీ ఊరింది. మొదటి పాఠం చెరిగిపోయి ఉంటే అది జరగదు. అది లోపలే ఉంది, అణిగి ఉంది.

అమెరికాలో మార్క్ బౌటన్ దశాబ్దాల పాటు ఎలుకలతో చేసిన ప్రయోగాలు దీన్ని ఇంకా విడమరిచాయి. ఒక పెట్టెలో శబ్దం వినిపించి చిన్న షాక్ ఇస్తే ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకుంటుంది. వాసన, ఆకారం వేరుగా ఉన్న రెండో పెట్టెలో షాక్ లేకుండా శబ్దం పదే పదే వినిపిస్తే భయం పోతుంది. తిరిగి మొదటి పెట్టెలో పెట్టి శబ్దం వినిపిస్తే భయం వచ్చేస్తుంది. ఎన్నడూ చూడని మూడో పెట్టెలో పెట్టినా వస్తుంది. అంటే, భయపడటం నేర్చుకున్నది ఏ పెట్టెలోనయినా పనిచేస్తోంది. భయపడనక్కర్లేదని నేర్చుకున్నది మాత్రం నేర్చుకున్న పెట్టెకే అతుక్కుని ఉంటోంది.

ఇన్హిబిటరీ లెర్నింగ్, మన మాటల్లో నిరోధక అభ్యసనం, చెప్పేది ఇదే. "లిఫ్ట్ అంటే ప్రమాదం" అన్న పాత పాఠం చెరగదు. దాని పక్కన "లిఫ్ట్‌లో ఏమీ కాదు" అన్న కొత్త పాఠం చేరుతుంది. లిఫ్ట్ కనబడినప్పుడు ఈ రెండింట్లో ఏది ముందు గుర్తొచ్చి రెండోదాన్ని ఆపుతుందన్నదే భయం వస్తుందా రాదా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. మెదడులోనూ దీనికి ఆధారాలున్నాయి. భయానికి కేంద్రమైన అమిగ్డలాని, నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ లోపలి భాగం అదుపు చేస్తుంది. ఏ చోట ఏ పాఠం వర్తిస్తుందో చెప్పడంలో హిప్పోకాంపస్‌కి పాత్ర ఉంది.

చిత్తూరు జిల్లా నుంచి చెన్నై వెళ్లి స్థిరపడిన మనిషిని తలుచుకోండి. తమిళం నేర్చుకున్నాడు, బజారులో బేరం తమిళంలోనే ఆడతాడు. అంతమాత్రాన తెలుగు పోయిందా? సొంతూరి బస్టాండులో దిగగానే నోట తెలుగే వస్తుంది. చెన్నైలోనే ఉన్నా కాలు మెలిపడితే అరిచే మాట కూడా తెలుగే. పాతది బలమైనది, ఏ ఊళ్లోనైనా పైకి రాగలదు. కొత్తదానికి మొదట్లో అది నేర్చుకున్న ఊరి ఆసరా కావాలి.

ఇప్పుడు ఆసుపత్రి లిఫ్ట్‌ని మళ్లీ చూస్తే మూడు సంగతులు విడివిడిగా కనిపిస్తాయి. మూడు నెలలు గడిచాయి. పావ్లోవ్ కుక్కలో చూసినట్టు, కాలం గడిస్తే చాలు భయం తనంతట తాను కొంత తిరిగొస్తుంది. చోటు మారింది. కౌన్సెలర్ భవనంలో ఖాళీ లిఫ్ట్, పగటి వెలుతురు, ఇక్కడ జనం, సాయంత్రం, వాసన. ఇది బౌటన్ మూడో పెట్టె. ఇక ఆ కుదుపు. భయం పోయిన ఎలుకకి శబ్దంతో సంబంధం లేకుండా ఒక్క షాక్ ఇచ్చినా, తర్వాత శబ్దానికి భయం లేచివస్తుంది. లిఫ్ట్ క్షణం ఆగడం సరళకి అలాంటి షాక్. ఈ మూడింటికీ పైన, మామగారి గురించిన ఆందోళన ఎలాగూ ఉంది.

ఇదంతా సరళకి చెప్పాలి, వీలైతే మొదటి చికిత్స ముగిసే లోపే చెప్పి ఉండాలి. భయం తిరిగి రావచ్చని తెలియని మనిషి, వచ్చిన రోజున దాన్ని ఓటమిగా లెక్కేసి తప్పించుకోవడం మొదలుపెడతారు. ఆ తప్పించుకోవడమే నిజమైన నష్టం చేస్తుంది.

రెండోసారి ఏం మార్చాలి?

మొదట ప్రశ్న మారాలి. మొదటిసారి కౌన్సెలర్ "ఎంత భయంగా ఉంది?" అని అడిగింది. ఇప్పుడు "ఏమవుతుందని భయం?" అని అడగాలి. ఇది వినడానికి సులువు, చేయడం కష్టం, ఎందుకంటే మొదట వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

"లిఫ్ట్ ఎక్కితే ఏమవుతుందండీ?"
"భయమేస్తుంది మేడమ్."
"భయమేసి?"
"ఊపిరాడదు."
"ఆడక?"
"కళ్లు తిరిగి పడిపోతాను."
"ఎంతసేపట్లో?"
"తలుపులు మూసుకుని కదలకుండా ఉంటే ఐదు నిమిషాలు కూడా తట్టుకోలేను."
"ఐదు నిమిషాల్లో స్పృహ తప్పుతుందని నూటికి ఎంత నమ్మకం?"
"తొంభై."

ఇక్కడ ఆగాలి. ఇది పరీక్షకి నిలబెట్టదగిన మాట. ఏం జరుగుతుందో, ఎంతసేపట్లో జరుగుతుందో, ఎంత నమ్మకమో మూడూ ఉన్నాయి. "భయమేస్తుంది" అన్నదాన్ని పరీక్షిస్తే నిజంగానే భయమేస్తుంది, ఆమె మాటే నెగ్గుతుంది. "లిఫ్ట్ ఆగిపోతుంది" అన్నదాన్ని పరీక్షిస్తే ఇంకా ప్రమాదం. మన ఊళ్లలో లిఫ్ట్‌లు ఆగుతాయి. "లిఫ్ట్ ఆగదు" అన్న పాఠం నేర్పితే మొదటి కరెంటు కోతకే అది కూలిపోతుంది. సరళకి జరిగింది కొంతవరకు అదే. నేర్పవలసిన పాఠం "ఆగినా నేను పడిపోను" అన్నది. ఏ నమ్మకాన్ని పరీక్షకి పెట్టాలో ఎంచుకోవడంలోనే కౌన్సెలర్ నేర్పంతా ఉందని నా అభిప్రాయం. మిగతాది ఓపిక.

ముందే ఒక సంగతి కనుక్కోవాలి: ఆమె ఎప్పుడైనా నిజంగా స్పృహ తప్పిందా? గాభరా పడినప్పుడు మామూలుగా గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. అందుకే కళ్లు తిరిగినట్టున్నా పడిపోవడం అరుదు. కానీ రక్తం, సూది చూస్తే భయపడే ఫోబియా వేరు. అందులో రక్తపోటు పడిపోయి మనిషి నిజంగానే పడిపోతాడు. వాళ్లకి స్వీడన్ మానసిక శాస్త్రవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ కండరాలు బిగించే పద్ధతిని రూపొందించాడు. అలాంటివాళ్లకి "పడిపోరు" అని పరీక్ష పెట్టడం తప్పు. గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్లయితే డాక్టరు మాట తీసుకోకుండా మొదలుపెట్టకూడదు. సరళకి ఇవేవీ లేవు.

పరీక్ష ఇలా కుదిరింది. కౌన్సెలర్ భవనంలో లిఫ్ట్‌ని కింది అంతస్తులో నిలిపి, తలుపులు మూసుకోనిచ్చి, ఏ బటనూ నొక్కకుండా లోపల ఉండాలి. వాచ్‌మన్‌కి, అసోసియేషన్‌కి ముందే చెప్పి, రద్దీ లేని వేళ చూసుకున్నారు. లిఫ్ట్‌ని అంతస్తుల మధ్య ఆపడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించకూడదు, అత్యవసర బటన్లతో ఆటలాడకూడదు. అలారం గంట పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. వ్యవధి ఎనిమిది నిమిషాలు. ఆమె ఐదు అంది కనుక, ఐదు దాటి తీరాలి. నాలుగు నిమిషాల్లో బయటికి వస్తే "ఇంకొక్క నిమిషం ఉంటే పడిపోయేదాన్ని" అన్న నమ్మకం చెక్కుచెదరదు, పైగా గట్టిపడుతుంది.

ఎక్కేముందు కౌన్సెలర్ ధైర్యం చెప్పలేదు. గాలి ఆడుతుందని, లిఫ్ట్ పెట్టెకి సందులుంటాయని చెప్పలేదు. శిక్షణలో ఉన్నవాళ్లకి ఇది కఠినంగా తోస్తుంది, తోయాలి కూడా, మనం సాయపడటానికి వచ్చినవాళ్లం. కానీ లెక్క ఆలోచించండి. మెదడు ఎక్కువగా నేర్చుకునేది ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య ఎడం ఉన్నప్పుడు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ ఇచ్చిన సూత్రంలో మూలం ఇదే: ఎడం ఎంత పెద్దదైతే అభ్యసనం అంత ఎక్కువ. ముందే ధైర్యం చెప్పి తొంభై నమ్మకాన్ని ముప్పైకి దించితే, తర్వాత ఏమీ జరగకపోయినా ఆశ్చర్యపడటానికి మిగిలేది ముప్పయ్యే. గాలి సంగతి పరీక్ష అయ్యాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అయితే ధైర్యం చెప్పకపోవడం అంటే మోసగించడం కాదు. ఏం చేయబోతున్నామో, ఎందుకో, ఎప్పుడైనా వద్దనవచ్చని ఆమెకి పూర్తిగా తెలిసి ఉండాలి.

ఎనిమిది నిమిషాలు గడిచాయి. భయం మొదట 85, మధ్యలో 90, బయటికి వచ్చేటప్పటికి 70. పాత లెక్కన ఇది విఫలమైన సెషన్. సగానికి తగ్గలేదు, అప్పుడే ఆపకూడదు. కొత్త లెక్కన ఇది చాలా మంచి సెషన్. బయటికొచ్చాక కౌన్సెలర్ మూడే అడిగింది: ఏమవుతుందనుకున్నారు, ఏమయింది, మీకు ఆశ్చర్యం అనిపించింది ఏమిటి? సరళ కాసేపాగి, "అంత భయం వేసినా పడిపోలేదు మేడమ్" అంది. ఆ మాటని నోట్‌బుక్‌లో ఆమె చేతే రాయించారు. ఐదు నిమిషాల నమ్మకం తొంభై నుంచి నలభై ఐదుకి దిగింది. భయం తగ్గాక "ఏమీ కాలేదు" అనుకోవడంకంటే, భయం నిండుగా ఉండగానే "ఏమీ కాలేదు" అని తెలియడం ఎక్కువ పనికొచ్చేది. ఆసుపత్రి లిఫ్ట్‌లో ఆమెకి దొరకబోయేది నిండు భయమే కదా.

సెషన్ ఎప్పుడు ఆపాలన్నదానికీ దీన్నుంచే జవాబు వస్తుంది. భయం తగ్గినప్పుడు కాదు, నమ్మకం పరీక్షకి నిలిచి ఓడినప్పుడు. నమ్మకం ఇంకా గట్టిగా ఉంటే, భయం పదికి దిగినా పని కాలేదు.

తోడు, సీసా, దండకం

మర్నాడు సరళ ఇంకో మాట అంది: "మీరు బయటే ఉన్నారన్న ధైర్యంతో ఉన్నాను." ఇది తరచూ కౌన్సెలర్ చెవినుంచి జారిపోయే మాట. దానర్థం, "ఏమీ కాలేదు" అన్న ఘనత ఆమె లెక్కలో కౌన్సెలర్‌కి వెళ్లింది, లిఫ్ట్‌కి కాదు. నీళ్ల సీసా, సిగ్నల్ ఉన్న ఫోన్, తలుపు దగ్గరే నిలబడి ఓపెన్ బటన్ మీద వేలుంచడం, పర్సులో వాడకుండా దాచుకున్న మాత్ర, ఇవన్నీ చేసే పని అదే. పక్కన ఇవి ఉన్నంతకాలం నేర్చుకున్నది "ఇవి ఉంటే ఏమీ కాదు" అన్నదే. అవి లేని రోజున పాత పాఠం పైకొస్తుంది. వీటిని ఒక్కొక్కటే తీసేయాలి. తీసేసే ప్రతిసారీ కొత్త పరీక్షే: సీసా లేకపోతే ఏమవుతుంది, నూటికి ఎంత? డాక్టరు రాసిన మందుల జోలికి మాత్రం మనం పోకూడదు. పర్సులోని మాత్ర సంగతి సైకియాట్రిస్టుతో మాట్లాడి, వారి నిర్ణయం ప్రకారమే చేయాలి.

మన దగ్గర ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, తోడు. భార్య భయపడుతుంటే భర్త తోడు వెళ్లడం ప్రేమ. దాన్ని "వద్దు" అంటే ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. సరళ భర్తని ఒక సెషన్‌కి పిలిచి, ఆమెకి ఇప్పుడు చేయవలసిన సాయం లిఫ్ట్ దాకా రావడం కాదని, పైన ఎదురుచూడటం అని, కొన్నాళ్లకి అదీ మానడమని చెప్పారు. ఆయనకి అర్థమైంది. ఆయనకీ ఒక పని ఇచ్చారు కాబట్టి.

రెండోది ఆంజనేయ దండకం. సరళ లిఫ్ట్‌లో మనసులో చదువుకునేది. ప్రార్థన మాన్పించడం కౌన్సెలర్ పని కాదు, ఆ ఆలోచనే రాకూడదు. ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "చదవకపోతే ఏమయ్యేదంటారు?" "మనసు నిమ్మళంగా ఉండేది కాదు" అంటే అది భక్తి, వదిలేయండి. "పడిపోయేదాన్నే" అంటే అక్కడ దండకం నీళ్ల సీసా పని చేస్తోంది. సరళ రెండోదే చెప్పింది. ఎక్కేముందు దణ్ణం పెట్టుకోవడం, దిగాక చదువుకోవడం ఉంచుకుని, తలుపులు మూసుకున్న ఆ కొద్దిసేపు మాత్రం చదవకుండా ఉండటానికి ఆమే ఒప్పుకుంది. అలా అయితే "నేనే నిలబడ్డాను" అని తెలుస్తుంది కదా అని ఆమే అంది.

తర్వాత మరో మెలిక కలిపారు. ఊపిరాడకపోవడమే ఆమె భయం కాబట్టి, గదిలో ఒక నిమిషం గబగబా లోతుగా ఊపిరి తీయించి, తల తిరగడం, ఛాతీ బిగియడం తెప్పించారు. ఇది విడిగా కొన్నిసార్లు. తర్వాత అదే చేసి, ఆ బిగువుతోనే లిఫ్ట్‌లోకి. విడివిడిగా లొంగిన రెండు భయాలని ఒక్కచోట ఎదుర్కొంటే పాఠం ఇంకా లోతుగా దిగుతుందని రెస్కోర్లా ప్రయోగాలు సూచించాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో మిషెల్ క్రాస్కే బృందం దాన్ని చికిత్సలోకి తెచ్చింది. ఈ కేసు మొత్తం వెనుకనున్న పద్ధతి కూడా ఎక్కువగా ఆ బృందం 2008, 2014 వ్యాసాల్లో పెట్టినదే.

ఎన్ని లిఫ్ట్‌లు?

వీలైనన్ని. సాలీడు భయం ఉన్నవాళ్లతో క్రాస్కే సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చోట చికిత్స చేసి తర్వాత వేరే చోట పరీక్షిస్తే భయం ఎక్కువగా తిరిగొచ్చింది. అదే చోట పరీక్షించినవాళ్లకి అంతగా రాలేదు. బౌటన్ ఎలుకల సంగతి మనుషుల్లో కనబడిందన్నమాట.

అందుకని సరళ గ్రిల్ తలుపుల పాత లిఫ్ట్ ఎక్కింది. స్టీలు తలుపుల కొత్తది ఎక్కింది. షాపింగ్ మాల్‌లో అద్దాల లిఫ్ట్, చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో భయం పుట్టిన అసలు లిఫ్ట్, ఆసుపత్రిలో విజిటర్ల వేళ నిండిన లిఫ్ట్. పగలు కొన్ని, రాత్రి కొన్ని. తేలికైనదాని తర్వాత కష్టమైనది అన్న వరస పెట్టుకోలేదు. మొదటి రెండు మూడు మధ్యరకానివి ఎంచుకుని, మనిషి నిలదొక్కుకున్నాక వరస కలిపేశారు. జీవితం మెట్ల వరసలో రాదు. మరీ కష్టమైనదాంతో మొదలుపెడితే మాత్రం మనిషి మానేసి వెళ్లిపోవచ్చు, ఆ జాగ్రత్త కౌన్సెలర్‌దే. సెషన్ల మధ్య ఎడం కూడా పెంచుతూ పోయారు: మొదట రెండు మూడు రోజులు, తర్వాత వారం, తర్వాత రెండు వారాలు, చివర నెల. ఎడం పెరిగినప్పుడు భయం కొంత తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన భయంతో మళ్లీ సాధన చేయడమే కావలసింది.

కొత్త లిఫ్ట్ ముందు నిలబడ్డప్పుడు "అంత భయం వేసినా పడిపోలేదు" అన్న ఆ నోట్‌బుక్ మాటని, మొదటి ఎనిమిది నిమిషాలని గుర్తుచేసుకోమన్నారు. చికిత్స జరిగిన చోటిని మనసులో తలుచుకుంటే తిరిగొచ్చే భయం తగ్గవచ్చని క్రాస్కే బృందమే తర్వాత చూసింది. అయితే దీన్ని పొదుపుగా వాడాలి. ఆ కాగితం పర్సులో లేనిదే లిఫ్ట్ ఎక్కనంటే, అది మరో నీళ్ల సీసా అయిందని అర్థం.

అయితే హాబిట్యుయేషన్ తప్పా?

అలా అనడం తొందరపాటు. నిరోధక అభ్యసన పద్ధతి పాత పద్ధతికంటే అన్ని రుగ్మతల్లోనూ మెరుగని తేల్చే గట్టి ఆధారాలు ఇంకా రాలేదు, చికిత్సాలయాల్లో పోల్చి చూసిన ఫలితాలు మిశ్రమంగానే ఉన్నాయి. నిజానికి మంచి కౌన్సెలర్లు పాత పద్ధతిలోనూ తెలియకుండా వీటిలో చాలా చేస్తూనే ఉన్నారు. భయం తగ్గితే సంతోషించండి. "ఈ భయం ఒకసారి పట్టుకుంటే వదలదు" అని నమ్మేవాళ్లకి భయం దానంతట అది తగ్గడం చూడటమే నమ్మకం ఓడిపోవడం. దాన్ని మాత్రమే కొలతగా పెట్టుకోవద్దన్నదే ఇక్కడి మాట. భయం తగ్గాలని ఎదురుచూస్తూ కూర్చుంటే, భయం ఉండకూడనిదన్న నమ్మకాన్ని మనమే బలపరుస్తాం.

అన్ని నమ్మకాలూ ఇలా పరీక్షకి లొంగవు. "ఇరవై ఏళ్ల తర్వాత నాకు జబ్బొస్తుంది" అన్న ఓసీడీ భయాన్ని ఎనిమిది నిమిషాల్లో ఓడించలేం. అక్కడ పరీక్షించేది "తెలియకుండా ఉండటాన్ని ఒక్క రోజు కూడా భరించలేను" అన్న నమ్మకాన్ని. ఇంట్లో కొట్టే మనిషికి భయపడటం లాంటి చోట్ల భయం నిజం చెబుతోంది. అక్కడ కావలసింది ఎక్స్‌పోజర్ కాదు, రక్షణ.

సరళకి ఆ తర్వాత నాలుగు నెలలకి చెల్లెలి ఇంట్లో మళ్లీ కరెంటు పోయింది, లిఫ్ట్‌లో ఉండగానే. భయం 65 దాకా వెళ్లింది. జనరేటర్ వచ్చేదాకా నిలబడింది, ఐదో అంతస్తులో దిగింది, తిరిగొచ్చేటప్పుడు కూడా లిఫ్ట్‌లోనే దిగింది. 65 చూసి చికిత్స ఫలించలేదనకండి. దిగడానికి మళ్లీ లిఫ్టే ఎక్కడం ఫలితం.

మీ తర్వాతి క్లయింట్ ఫైలులో సడ్స్ అంకె పక్కన ఇంకో గడి గీయండి: ఏమవుతుందనుకున్నారు, నూటికి ఎంత, ఏమయింది. చికిత్స ముగించే రోజున మూడు నెలల తర్వాతి తేదీ ఒకటి రాసి ఇవ్వండి. ఆ లోపు భయం తిరిగి రావచ్చని, వస్తే తప్పించుకోకుండా ఫోన్ చేయమని ముందే చెప్పండి.